చుక్క పెట్టిన తిట్టు

నిన్న నా వేలి తొందర వల్ల మా చర్చిలో ఒక మంచి పాట పోయేదే! దేవుడి దయవల్ల బయటపడ్డాను, వినండి.

మా క్వైర్‌లో సువార్తక్క ఉంది. నాకు ప్రాణం. రోజూ తిట్టుకోందే మా ఇద్దరికీ ముద్ద దిగదు. ఈమధ్య ఆవిడకి థైరాయిడ్ ఆపరేషన్ అయ్యి గొంతు కాస్త బొంగురుపోయింది. నిన్న పొద్దున, ఆపరేషన్ తర్వాత మొదటిసారిగా, ఆదివారం పాట పాడి క్వైర్ గ్రూపులో పెట్టింది. నిజంగా బాగుంది! కానీ బాగుందంటే జాలిపడ్డాననుకుంటుందేమోనని ఎప్పట్లాగే తిట్టాను: "ఈ గొంతుకి మా బర్రె తాడు తెంపుకుంది"

మామూలుగా అయితే వెనక నాలుగు నవ్వు బొమ్మలు పెడతాను. పొయ్యి మీద కుక్కర్ కూస్తోంది, ఆ హడావుడిలో స్పేస్ రెండుసార్లు నొక్కాను. కొత్త ఫోను! రెండుసార్లు నొక్కితే తనే ఫుల్‌స్టాప్ పెట్టేస్తుంది. బొమ్మల్లేవు, చివర చుక్క. పంపేశాక చదివితే కోర్టు తీర్పులా ఉంది.

దాని కింద గ్రూపులో ఇంకో ఇద్దరు 😂 కొట్టారు. మా ఇద్దరి మధ్యే ఉంటే ఆట. నలుగురూ నవ్వితే పరువు తక్కువ!

అక్క జవాబు: "సరే. వేరేవాళ్లని పెట్టుకోండి."

అమ్మో! "సరేలేవేఏఏఏ" అని సాగదీసి రాసే మనిషి చుక్క పెట్టింది. నన్ను 'ఒసేయ్' అనే మనిషి 'అండి' అంది!

కంగారులో, ఇందాక మర్చిపోయిన బొమ్మలు ఇప్పుడు పంపాను: 😂😂😂😂. అవి వెళ్లి సరిగ్గా ఆవిడ మాట కింద కూర్చున్నాయి. నా తిట్టుని జోక్ చెయ్యాల్సినవి ఆవిడ బాధని జోక్ చేశాయి. అక్క గ్రూపులోంచి లెఫ్ట్!

విడిగా "సారీ అక్కా..." అని పెట్టాను. ఆ మూడు చుక్కలతో సారీ కూడా మనసులేక చెప్పినట్టుంది. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

కళ్లంలో మిరపకాయలు తిరగేస్తున్న మా ఆయన దగ్గరికెళ్లి చెబితే అన్నాడు, "రాతలెందుకే, నోటితో చెప్పు."

అక్కడే నిలబడి వాయిస్ నోట్ మొదలెట్టాను. "అక్కా, జోకే! బొమ్మ పెట్టడం మర్చిపోయా. నీ పాట వింటే నాకు..." అంతే, మిరప ఘాటు! తుమ్ము, దగ్గు, మధ్యలో నా మీద నాకే నవ్వు, ఆ వెంటనే నిజంగానే ఏడుపు. చెరిపేసి మళ్లీ చెబుదామనుకునేలోపు వేలు జారి వెళ్లిపోయింది.

కాసేపటికి అక్క గొంతు.

"ఏడవకే పిచ్చిమొహమా! ఆ చుక్క చూసి, పైగా గ్రూపులో వాళ్ల నవ్వులు చూసి నిజంగానే అన్నావనుకున్నా. నువ్వు 'అక్కా' అన్న తీరు వినగానే తెలిసిపోయింది. అయినా నీ గొంతు విన్నాక నాది కోయిలని అర్థమైంది. ఆదివారం నేనే పాడతా!" అని పడీపడీ నవ్వింది.

హమ్మయ్య! స్తోత్రం చెప్పుకుంటూ మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాను. మా ఆయన నావైపు వింతగా చూశాడు.

"తిట్టించుకుని ఇంత సంబరపడే మనిషిని నిన్నే చూశానే!"