తాళంచెవి అడగని మూడు వారాలు

పక్క సీటావిడకి రోజూ పొద్దున్నే సాఫీగా విరేచనం అవుతోందని నేను కుళ్ళి ఏడ్చానంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. మూడు రోజులకోసారి, అదీ అరగంట చెమటలు కక్కి, రక్తం చూసి బయటికొచ్చేవాళ్ళు మాత్రం నవ్వరు.

అనకాపల్లిలో ఒక ఆఫీసు కంప్యూటర్ సెక్షన్‌లో మేమిద్దరమే ఆడవాళ్ళం. పదింటికి కుర్చీలో కూలబడితే మళ్ళీ లేచేది ఇంటికెళ్ళడానికే. ఆవిడ నాకంటే ఆరేళ్ళు పెద్దది, అక్కా అని పిలుస్తాను. ఇద్దరికీ ఏళ్ళ తరబడి ఒకటే బాధ.

"ఇయ్యాలైనా అయిందేటమ్మా?"

"ఎక్కడక్కా, ఊరికే కూచుని లెగిసొచ్చేను."

రోజూ మా పలకరింపు ఇదే. ఆమె వాడిన చూర్ణం నేను వాడేదాన్ని, నేను మింగిన మాత్ర ఆమె మింగేది. మొగుడితో చెప్పుకోలేనివన్నీ ఆమెతో చెప్పుకునేదాన్ని.

ఒకరోజు ఇద్దరం పర్మిషన్ పెట్టి ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఒక్కొక్కరినీ విడిగా పరీక్ష చేసింది. కిడ్నీ, గుండె జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగింది, థైరాయిడ్‌కి రక్తం తీయించింది. ఇద్దరికీ ఏమీ తేలలేదు. నాకు మాత్రం మలద్వారం దగ్గర చిన్న చీలిక ఉందంది.

"మోషన్ మెత్తబడితే చాలావరకు అదే మానుతుందమ్మా. ఆయింట్‌మెంట్ రాస్తాను. నెల చూద్దాం. మానకపోతే వైజాగ్‌లో సర్జన్‌కి రాస్తాను."

ఆపరేషనంటే నాకు చచ్చేంత భయం.

ఇద్దరికీ ఒకటే చీటీ రాసింది. వారానికి ఒక్కటే కొత్తది కలపాలి. మొదటి వారం రోజుకో జామకాయ, తొక్కతో. రెండో వారం మధ్యాహ్నం కూర రెట్టింపు, అందులో ఆకుకూర. మూడో వారం రాత్రి తెల్లన్నం బదులు జొన్నరొట్టె. నాలుగో వారం మొలకెత్తిన పెసలు. మేం రోజుకి మూడు గ్లాసుల నీళ్ళే తాగుతున్నామని తెలిసి తల పట్టుకుంది. వారానికో గ్లాసు పెంచుతూ ఏడెనిమిదికి రమ్మంది. గంటకోసారి కుర్చీ వదిలి నాలుగడుగులు వెయ్యాలి, టిఫినయ్యాక బాత్రూమ్‌లో స్థిమితంగా కూర్చోవాలి, ముక్కకూడదు.

"తొందరొద్దు. పేగుకి అలవాటవ్వాలి," అని రెండుసార్లు చెప్పింది.

నీళ్ళ దగ్గరే ఉంది అసలు చిక్కు. మా ఆఫీసులో ఆడవాళ్ళ బాత్రూమ్ వెనక పెరట్లో ఉంది. పనుల మీద వచ్చిన జనమంతా వాడేస్తున్నారని దానికి తాళం వేశారు. తాళంచెవి సీనియర్ కాబట్టి అక్క సొరుగులో ఉంటుంది. ప్రతిసారీ అడగడమెందుకని నేను అసలు నీళ్ళే తాగేదాన్ని కాదు. చీటీ వచ్చాక రోజుకి మూడుసార్లు మొహమాటం లేకుండా అడిగేదాన్ని.

పది రోజులు గడిచాయో లేదో, ఒక పొద్దున్న అక్క మొహం వెలిగిపోతూ వచ్చింది.

"అయిందే! పది నిమిషాల్లో, నొప్పీ గిప్పీ లేకండా!"

"మంచిదక్కా," అని స్క్రీన్ వైపు తిరిగి ఏదో తప్పు టైపు చేశాను. ఒళ్ళు భగ్గున మండింది. ఒకే డాక్టరు, ఒకే చీటీ, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒకే ముసలమ్మ గంపలో జామకాయలు! ఆవిడకెందుకవ్వాలి, నాకెందుకవ్వకూడదు? మర్నాడూ అయిందట, ఆ మర్నాడూ అయిందట. ఆమె జడలో పువ్వులు చూసినా నాకు ఒళ్ళుమంటే. తాళంచెవి కోసం వెళితే చాలు, గొంతు తగ్గించి, "ఏటమ్మా, నీకింకా అవలేదేటి?" అనేది. పుండు మీద కారం జల్లినట్టుండేది.

అడగడం మానేశాను. అడగడం మానేశాక నీళ్ళూ మానేశాను. బల్ల మీద నా సీసా పొద్దున్న నింపింది నింపినట్టే సాయంత్రం ఇంటికొచ్చేది. పోనీ ఊరుకున్నానా? ఆవిణ్ణి దాటెయ్యాలని నాలుగు వారాల తిండీ ఒక్కరోజే మొదలెట్టాను. జామకాయలు రెండు, జొన్నరొట్టె, గుప్పెళ్ళతో మొలకలు, పైన ఎవరో చెప్పారని గుక్కెడు మజ్జిగలో రెండు చెంచాల ఇసబ్‌గోల్ పీచుపొడి.

నాలుగో రోజుకి కడుపు ఉబ్బి చీర కుచ్చిళ్ళు నిలవలేదు. గ్యాసుతో, మెలిపెట్టే నొప్పితో రెండు వారాలు గడిపాను, అయినా మొండిగా తింటూనే ఉన్నాను. చివరికొక పొద్దున్న రాయిలా గట్టిగా అయింది. మానుతున్న చీలిక మళ్ళీ తెగింది. రక్తం చూసి బాత్రూమ్ గోడకి తలానించి ఏడ్చాను.

నెల తిరగ్గానే డాక్టరమ్మ ముందు కూర్చున్నాను.

"నీళ్ళెన్ని తాగుతున్నావు?"

"ఎనిమిదండి."

ఆవిడ కళ్ళజోడు తీసి నా మొహంలోకి చూసింది. నా అబద్ధం ఎంతోసేపు నిలవలేదు. తాళంచెవి సంగతి, అక్క సంగతి అన్నీ కక్కేశాను.

"పీచు నీళ్ళు పీల్చుకుంటేనే మెత్తబడుతుందమ్మా. నీళ్ళివ్వకుండా అంత పీచు కూరితే లోపల గట్టిపడదూ? పైగా అన్నీ ఒక్కసారే! ఇంకో నాలుగు వారాలిస్తాను. మళ్ళీ మొదట్నుంచి, ఒక్క జామకాయతో. ఈసారీ తేడా వస్తే సర్జనే."

మర్నాడు ఆఫీసులో గ్లాసు నిండా నీళ్ళు తాగాను. పదకొండున్నరకి ఇంక ఆగక అక్క బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మూడు వారాల తర్వాత అదే మొదటిసారి.

"అక్కా, తాళంచెవి."

ఆమె ఈసారి ఏమీ అడగలేదు. సొరుగు తీసింది, తాళంచెవి చేతిలోనే పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ మాటాడవు, దగ్గరకి రావు. నానేటి సేసేనే నిన్ను?"

"నీకవుతోందని కుళ్ళుకున్నానక్కా," అనేశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఒలమ్మో!" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, చటుక్కున ఆగింది. "రోజూ ఎందుకడిగేననుకున్నావు? నాకొక్కదానికే బాగయిపోతే ఇంక నువ్వు నాతో ఏటి మాటాడతావని బెంగెట్టుకున్నాను."

తాళంచెవి నా చేతిలో పెట్టి, ఇంకోటి చేయించేదాకా నీ దగ్గరే ఉంచుకోమంది.

మూడో వారంలో నాకు సాఫీగా అవడం మొదలైంది. నాలుగో వారం చివర్లో డాక్టరమ్మ చూసి చీలిక మానిందని, వైజాగ్ వెళ్ళక్కర్లేదని చెప్పింది. బయటికొస్తూనే అక్కకి ఫోన్ చేశాను.

"సర్జనొద్దన్నారక్కా! రోజూ అవుతోంది!"

"నాకు మూడ్రోజులనించి అవలేదే," అంది నీరసంగా. గొలుగొండలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళిందట. పూరీలు, స్వీట్లు తిని, బస్సులో ఇబ్బందని నీళ్ళు ముట్టుకోలేదట.

అబద్ధమెందుకు, ముందు నాకు సంతోషమే వేసింది. ఆ తర్వాతే జాలి.

మర్నాడు ఆమె సీసా నేనే నింపి బల్ల మీద పెట్టాను. గంట తిరిగేసరికి తాళంచెవి పట్టుకెళ్ళి పక్కన నిలబడ్డాను. గొంతు బాగా తగ్గించి అడిగాను.

"ఏటక్కా, నీకింకా అవలేదేటి?"