వెనక నిలబడ్డ పెద్దాయన

మా మనవరాలు దర్జీ. ఏనుగు వచ్చి కొలతలిచ్చినా సాయంత్రానికల్లా చొక్కా కుట్టి పంపగలదు. అంతటి మనిషికి, పరిచయాల యాప్‌లో జోడీ కుదిరిన అబ్బాయితో మొదటి వీడియో కాల్ అనేసరికి సూదిలో దారమే ఎక్కలేదు. రెండు వారాల రాతల్లోనే అతను తెగ నచ్చాడు. ముఖం చూశాక తప్పుకుంటాడేమోనని బెంగ.

ముందు కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. ఫోన్‌లో ముఖం బొగ్గులా కనిపించింది.

"వెలుతురు ముఖం మీద పడాలి తల్లీ, ఇటు తిరుగు," అన్నాను.

తిరిగింది. దారం డబ్బాల మీద ఫోన్‌ను కళ్ల ఎత్తున నిలబెట్టాం. ఇప్పుడు వెనకున్న గుడ్డల గుట్ట బయటపడింది. సర్దే వ్యవధి లేక, వెనకంతా మసకగా కనిపించేలా ఫోన్‌లో ఏదో నొక్కింది.

"ఇక నువ్వు బయటికి నడు తాతా. అతనికి తెలీకుండా ఎవరూ వినకూడదు."

నడిచాను. తలుపు పలచనిదైతే నా తప్పా?

అబ్బాయి అవును, కాదు అని తప్ప మాట్లాడడే! మనవరాలి గొంతూ సన్నబడిపోయింది. తలుపుకి చెవి ఆనించాను.

"నేను నచ్చలేదా అండీ?" అని అడిగేసింది.

"అయ్యో, అది కాదండీ! ఇందాకట్నుంచీ కోటేసుకుని మీ వెనక ఓ పెద్దాయన నిలబడే ఉన్నారు. ఆయన్ని కాస్త కూర్చోమనండి, నాకు నోరు పెగలట్లేదు."

తలుపు సందులోంచి తొంగిచూశాను. ఆమె వెనక్కి చూసి, మసక తీసేసింది. సగం కుట్టిన కోటు తొడుక్కున్న నిలువెత్తు బొమ్మ, చుట్టూ గుడ్డల గుట్ట.

అటు నవ్వు, ఇటు నవ్వు. ఆ కోటు ఎవరికని అతను అడిగాడు. ఆమె చెబుతూనే ఉంది. నిలబడి నిలబడి నా కాళ్లే లాగేసి, తలుపు పక్కన కూలబడ్డాను.