కెమిస్ట్రీ మేడం గురించి రెండోసారి రాసిన ఫారం

గద్వాలలో డిగ్రీ చదివిన రోజులు తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది మా క్లాసు కాపీ కొట్టే తీరు. రికార్డు ఒకరు రాస్తే నలభై మందిమీ దించేవాళ్లం, తప్పులతో సహా. మల్దకల్ బస్సులో వచ్చే పిల్ల ఒళ్లో నా రికార్డు, నా ఒళ్లో ఇంకొకరిది. సిగ్గన్నదే ఉండేది కాదు. దాన్ని స్నేహం అనుకునేవాళ్లం. ఆ బెంచీల మీద మళ్లీ ఒక్క పూట కూర్చోనిస్తే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండో ఏడు చివర్లో లెక్చరర్ల మీద ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఇచ్చారు. మా కెమిస్ట్రీ మేడం గెస్ట్ లెక్చరర్. వచ్చే ఏడు ఆమెను మళ్లీ తీసుకోవాలా వద్దా అనేటప్పుడు మా ఫారాలు కూడా చూస్తారని తెలిసింది. ఆమె అంటే మాకు ప్రాణం. సందేహం అడిగితే మెట్ల మీద కూర్చోబెట్టుకుని, బస్సు వచ్చేదాకా చెప్పేది. ఇంక ఆలోచించేదేముంది? క్లాసులో పెద్దరికం నాదే కాబట్టి నేనే లేచాను.

"ముందు నేను రాస్త. అందరు గిదే దించుండ్రి" అన్నాను.

ప్రతి ప్రశ్నకూ ఐదుకు ఐదు పెట్టి, కింద "మేడం చాలా బాగా చెబుతారు. మాకు ఆమే కావాలి" అని రాశాను. నా ఫారం బెంచీలన్నీ తిరిగొచ్చింది.

మూడు రోజుల తర్వాత ప్రిన్సిపాల్ సార్ ఆ కట్ట పట్టుకుని క్లాసుకొచ్చారు. "నలభై కాగితాలల్ల ఒకటే మాట. ఏందిది? మీ మేడం చెప్పి రాయించిందా?"

"లేదు సార్!" అన్నాం, అందరం ఒక్క గొంతుతో. దాంతో ఆయన అనుమానం ఇంకా బలపడింది.

"ఇవి చెల్లవు. రేపు మళ్ల రాయుండ్రి. ఎవరిది వాళ్లు."

ఆ మధ్యాహ్నం మేడం ఆఫీసు గదిలోంచి తల దించుకుని బయటికి రావడం చూశాను. మంచికి పోతే చెడు ఎదురవడమంటే అదే. నా మీద నాకే ఒళ్లు మండింది.

సాయంత్రం ఇంట్లో నాన్న మగ్గం పక్కన కూలబడ్డాను. "మంచిగ రాస్తే నమ్మరు నాయనా. తప్పు రాస్తే ఆమె కొలువు పోతది. ఏం రాయాలె?"

నాన్న నేత ఆపలేదు, నాడె పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతూనే ఉంది. "నా చీర చూసి షావుకారి బాగుందంటే నాకేం తెలుస్తది? బాగలేదంటే అసలే తెల్వదు. 'గీ అంచు చీరకు కలిసే జోడు కాడ వదులైంది' అని ఏలు పెట్టి చూపిస్తడు చూడు, అప్పుడు తెలుస్తది."

"కోపం రాదా?"

"మనిషిని అంటే వస్తది బిడ్డా. చీరనంటే ఎందుకొస్తది?"

మర్నాడు ఇంగ్లీషు సార్ మమ్మల్ని దూరం దూరంగా కూర్చోబెట్టి ఫారాలు పంచారు. మేడం ఆ ఛాయల్లో లేదు. పేరు, హాల్‌టికెట్ నంబరు రాయొద్దన్నారు. ఈసారి ఒక్కో ప్రశ్న చదివి ఆగాను. సిలబస్ పూర్తి చేయడానికి ఐదు, సందేహాలు తీర్చడానికి ఐదు పెట్టాను. బోర్డు వాడకం దగ్గర మాత్రం రెండు పెట్టాను. కింద ఇలా రాశాను: "మేడం సమీకరణం రాసిన వెంటనే తుడిచేస్తారు. వెనక బెంచీల వాళ్లం సగమే రాసుకోగలుగుతున్నాం. తుడిచేముందు ఒక్క నిమిషం ఆగితే చాలు. సందేహం అడిగితే ఎప్పుడూ విసుక్కోరు. మోల్ లెక్కలు నాకు ఆమె మెట్ల మీద మళ్లీ చెప్పాకే అర్థమయ్యాయి."

మడిచి పెట్టెలో వేశాక భయం పట్టుకుంది. ఆ సెలవులంతా ఆ "రెండు" నన్ను తిననివ్వలేదు. ఆమె ఉద్యోగం పోతే అది నా చేతుల మీదుగా పోయినట్టే కదా. బీచుపల్లి ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కూడా మొక్కుకున్నాను.

కాలేజీ తెరిచిన రెండో వారం తలుపు తీసుకుని మేడమే వచ్చింది. నాకు ఏడుపాగలేదు, చున్నీ అడ్డం పెట్టుకున్నాను. ఆమె హాజరు పిలవలేదు. మమ్మల్నందర్నీ ఒకసారి కలయజూసింది.

"ఎవరేం రాసిన్రో నాకు తెల్వదు, అడగను కూడ. మీరు రాసినయి ప్రిన్సిపాల్ సార్ చదివి వినిపించిండ్రు. బోర్డు సంగతి ఒక్కరు కాదు, పదిహేను మంది రాసిన్రంట, ఎవరి మాటల్ల వాళ్లు. గవి చూసినంకనే, నేను రాయించలేదని సార్ నమ్మిండ్రు."

మేమంతా నవ్వబోయాం. ఆమె నవ్వలేదు.

"రెండేండ్ల సంది తుడుస్తనే ఉన్న. నేనంటే పానం అంటిరి. ఒక్కరన్న 'జర ఆగుండి మేడం' అనకపోతిరి గద."

నలభై మందిలో ఒక్కరమూ తలెత్తలేకపోయాం.