రెండు నిమిషాల పత్తి

ఆదోనిలో నేను పనిచేసే స్టూడియోకు మూఢం వస్తే పని ఉండదు. పెళ్లిళ్లు లేకపోతే ఎడిటింగ్ ఏముంటుంది? ఆ ఏడు మూఢం మొదలైన రోజు స్టూడియో అన్న తాళంచెవి నా చేతిలో పెట్టి, ముహూర్తాలు వచ్చేదాకా పెద్ద కంప్యూటర్ నన్ను వాడుకోమన్నాడు. నా త్రీడీ సినిమా గురించి రెండేళ్లుగా వింటున్నాడు పాపం.

సినిమా అంటే రెండు నిమిషాలే. మా అమ్మ ఇరవై ఏళ్లుగా పత్తి మిల్లులో కూలికి పోతుంది. పత్తిలోంచి ఆకు, పుల్ల, పురుగు తిన్న దూది ఏరి పారేసే పని. ఆ పనిని కెమెరాతో తీద్దామంటే మిల్లువాళ్లు లోపలికి రానివ్వలేదు. అందుకే అమ్మ చెప్పిన మాటల్ని బట్టి మిల్లునంతా కంప్యూటర్లో కట్టుకున్నాను. షెడ్డు, కిటికీ, పత్తి కుక్కిన గోనె బోరాలు, పత్తి కుప్పలు, కుప్ప ముందు కూర్చున్న ఆడవాళ్లు.

కట్టడం ఒక ఎత్తు, దాన్ని బొమ్మలుగా తీయడం ఇంకో ఎత్తు. వెలుగు ఎక్కడ పడుతుంది, నీడ ఎక్కడ వాలుతుంది అని కంప్యూటర్ ఒక్కో బొమ్మకూ లెక్క కట్టుకుంటూ పోవాలి. దాన్నే రెండర్ అంటాం. సెకనుకు ఇరవై నాలుగు చొప్పున నాకు కావలసినవి రెండు వేల ఎనిమిది వందల ఎనభై బొమ్మలు. మొదటి బొమ్మకు ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. కాగితం మీద గుణించి చూసుకున్నాను. డెబ్బై రోజులు. మూఢం ఉన్నది ఇరవై రోజులే. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి పోయాను.

మరుసటి పొద్దున యెమ్మిగనూరులో ఉండే నా డిగ్రీ స్నేహితురాలికి ఫోన్ చేశాను. పెళ్లికి ముందు అది బెంగుళూరులో యానిమేషన్ కంపెనీలో చేసింది. ఇప్పుడు మొగుడితో కలిసి కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసు నడుపుతోంది. నా గోడంతా విని, సాంపుల్స్ ఎన్ని పెట్టినావని అడిగింది. సాంపుల్స్ అంటే బొమ్మలో ఒక్కో చుక్క రంగు తేల్చడానికి వెలుగు కిరణాల్ని ఎన్నిసార్లు పంపి చూడాలో చెప్పే అంకె. రెండు వేల నలభై ఎనిమిది అన్నాను.

"ఎవరు సెప్పినారు మే అన్ని పెట్టమని?"

ఎవరూ చెప్పలేదు. ఎక్కువ పెడితే మంచిదనుకున్నానంతే.

అది చెప్పినట్టే ఒక బొమ్మను అరవై నాలుగు, నూట ఇరవై ఎనిమిది, రెండు వందల యాభై ఆరు, ఇలా పెంచుకుంటూ తీశాను. అన్నిటికీ ఇసుక చల్లినట్టు కనబడే గరుకును తుడిచేసే డీనాయిజర్ పెట్టాను. వరుసగా చూస్తుంటే నాకే తేడా తెలియడం లేదు. ఆ రోజు ఆదివారం. చర్చి నుంచి వస్తున్న అమ్మను స్టూడియోకు పిలిచి, అంకెలు చెప్పకుండా ఒక్కొక్కటే చూపించాను.

అరవై నాలుగు దగ్గర అమ్మ మొహం చిట్లించింది. "ఇది పత్తి యాడైతాది? సబ్బు నురుగు మాదిరి ఉండాది. పోగు కనపడొద్దా?" అంది.

నిజమే. కిరణాలు చాలక, డీనాయిజర్ గరుకుతో పాటు పత్తి పోగుల్ని కూడా తుడిచేసింది. నూట ఇరవై ఎనిమిది బాగుందంది అమ్మ. నేను సంబరపడి అక్కడికే ఖాయం చేసుకోబోయాను. ఫోన్‌లో స్నేహితురాలు ఆపింది. నిలిచిన బొమ్మను నమ్మొద్దు, ఒక సెకనైనా కదిలించి చూడమంది. కదిలిస్తే కుప్ప మీద మచ్చలు మినుకు మినుకుమన్నాయి. పత్తి నిండా పురుగులు పాకుతున్నట్టుందనీ, ఇట్లాంటి సరుకు మేస్త్రీ ఒప్పుకోడనీ అమ్మ అంది. రెండు వందల యాభై ఆరు దగ్గర పురుగులు పోయాయి. అక్కడి నుంచి రెండు వేల దాకా పెంచినా అమ్మకు తేడా కనపడలేదు. ఇరవై ఏళ్లు పత్తిని చూసిన కళ్లకే కనపడని తేడా కోసం నేను డెబ్బై రోజులు పోయబోయాను.

ఇంకో తప్పు కూడా ఆ వారంలోనే బయటపడింది. షెడ్డులో ఉన్న నాలుగు వందల బోరాలనూ నేను వేటికవే పూర్తి నకళ్లుగా పెట్టాను. గ్రాఫిక్స్ కార్డు మెమొరీ నిండిపోయి, కంప్యూటర్ ముక్కుతూ మూలుగుతూ నడిచేది. స్నేహితురాలి మాట ప్రకారం బరువైన బోరాను ఒక్కదాన్నే వేరే ఫైల్లో ఉంచి, షెడ్డులో దాని బదులు ఉత్త డబ్బాలు నిలబెట్టాను. ఈ బదులు బొమ్మల్నే ప్రాక్సీలంటారు. పనిచేసేటప్పుడు డబ్బాలే కనబడతాయి. రెండర్ అప్పుడు మాత్రం అసలు బోరా ఒక్కసారి మెమొరీలోకి వచ్చి, నాలుగు వందల చోట్లా అదే కనబడుతుంది. ఈ రెండు మార్పులతో ముప్పై అయిదు నిమిషాల బొమ్మ అయిదు నిమిషాలకు దిగింది.

అయినా వెంటనే అసలు రెండర్ మొదలుపెట్టలేదు. ముందు సినిమా మొత్తాన్నీ నాలుగో వంతు పొడవు, నాలుగో వంతు వెడల్పుతో, తక్కువ సాంపుల్స్‌తో తీశాను. చుక్కలు పదహారో వంతే కాబట్టి ఒక్క పగటిలో అయిపోయింది. మసకగా ఉన్నా తప్పులు దొరికాయి. ఒకామె చెయ్యి బోరాలోంచి దూరిపోతోంది. స్టూడియో అన్న ఇంకొకటి పట్టాడు. పొద్దున పూట కిటికీ వెలుగు ఎడమ నుంచి వస్తుంటే, మరుసటి షాట్‌లో కుడి నుంచి వస్తోందన్నాడు. పెళ్లి వీడియోలు తీసిన కన్ను మరి. అవి దిద్దేసరికి పదమూడు రోజులు మిగిలాయి.

చివరిది తప్ప మిగతా షాట్లకు తొమ్మిది రోజులు చాలు. కరెంటు పోయినా బెంగ లేదు. ఒక్కో బొమ్మా విడిగా ఫైలుగా పడుతుంది గనక, పోతే ఆ ఒక్కటే పోతుంది. చిక్కంతా చివరి పది సెకన్లతో వచ్చింది. కిటికీ ఎండలో దూది దుమ్ము తేలే షాట్ అది. గాలిలోని దుమ్ములో వెలుగును లెక్క కట్టడం ఎంత బరువంటే, ఒక్కో బొమ్మకు యాభై నిమిషాలు. రెండు వందల నలభై బొమ్మలకు ఇంకో ఎనిమిది రోజులు కావాలి. దుమ్ము తీసేస్తానని అమ్మతో అన్నాను.

"దుమ్ము లేని మిల్లు యాడుందమ్మా? మేము పీల్చేది అదే కదా" అంది.

అప్పుడు స్నేహితురాలే క్లౌడ్ దారి చూపింది. ఎక్కడో ఉండి అద్దెకు దొరికే వందల కంప్యూటర్లకు బొమ్మలు పంచేస్తే గంటల్లో అయిపోతుంది. కాకపోతే దుమ్ము లెక్కల ఫైళ్లు చాలా పెద్దవి. స్టూడియో నెట్‌లో ఎక్కవు. హార్డ్ డిస్క్ తీసుకుని యెమ్మిగనూరు బస్సెక్కాను. వాళ్ల ఆఫీసులో నాకో కుర్చీ వేసి, టిఫినుకు ఉగ్గాని తెప్పించి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తమ లైను నా ఫైళ్లకే వదిలిపెట్టారు.

ఎక్కించాక అన్నీ ఒకేసారి తీయిస్తానంటే స్నేహితురాలు ఒప్పుకోలేదు. మొదటిది, నడిమిది, చివరిది, ఈ మూడే అడగమంది. వచ్చినవి చూస్తే కిటికీ ఉంది, ఎండ ఉంది, దుమ్ము లేదు. దుమ్ము ఫైళ్లు ఎక్కడున్నాయో చూపే దారి ఇంకా స్టూడియో కంప్యూటర్లోని డిస్క్‌నే చూపిస్తోంది. ఆ దూరపు మిషన్లకు ఆ డిస్క్ ఎక్కడిది? రెండు వందల నలభై తీయించి ఉంటే అన్నీ దండగే. దారి సరిచేసి మళ్లీ మూడు తీయించాం. ఈసారి ఎండలో దుమ్ము వచ్చింది. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని చూశాం. సాయంత్రం బస్సు టైముకు అన్ని బొమ్మలూ దిగిపోయాయి.

మూఢం ముగియడానికి ఒక రోజు ముందే కంప్యూటర్ అన్నకు అప్పగించాను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో అమ్మతో పనిచేసే ఆడవాళ్లకు సినిమా చూపించాం. తెర మీద దుమ్ము లేవగానే ముందు వరుసలో ఒక పెద్దామె చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు. అయిపోయాక ఇంకోసారి వెయ్యమన్నారు.

సినిమా చివర నా పేరు ఒక్కటే ఉంది. రెండోసారి చూస్తుంటే అది నాకు కొరతగా అనిపించింది. మర్నాడు స్టూడియోలో కూర్చుని మరో మూడు పేర్లు చేర్చాను. ఆ పేర్ల పలకను రెండర్ చేయడానికి నిమిషం కూడా పట్టలేదు. అమ్మ పేరు పక్కన ఏం పని చేసిందని రాయాలో తోచక, పత్తి పరీక్ష అని రాశాను.