ఎడమవైపు కుర్చీ

పెనుకొండ తిరుపాల్ మైకు పట్టాడంటే సభ చూపంతా అతని చేతిలో ఉండేది. వక్తను పరిచయం చేస్తూ గొప్పలు చెప్పేంతసేపూ జనం కళ్లలోకే చూసేవాడు. పేరు పలుకుతూ ఒళ్లంతా వక్తవైపు తిప్పి, అరచెయ్యి చాచి, తనూ అటే చూస్తూ వెనక్కి తగ్గేవాడు. జనం తలలు అతని చూపు వెంటే తిరిగేవి.

ధర్మవరంలో నేతగాళ్ల సంఘం పెద్ద గోవిందప్ప సంతాపసభ జరిగింది. ఆయన కూతురు మంజులత మొదటిసారి మాట్లాడాలి.

"నా మాట ఎవరింటారన్నా?" అంది భయంగా.

"నేను చూస్తే ఊరే చూస్తాది. నువ్వు తలకాయెత్తి నిలబడు సాలు," అన్నాడు తిరుపాల్.

ఆమె వేదికకు కుడివైపు నిలబడింది. ఆమె పేరు పలికేసరికి, ఏళ్ల అలవాటు కొద్దీ తిరుపాల్ చెయ్యీ చూపూ ఎడమకు, గోవిందప్ప ఎప్పుడూ కూర్చునే, ఇప్పుడు ఖాళీగా ఉన్న కుర్చీవైపు పోయాయి. సభంతా అటే తిరిగి చప్పట్లు కొట్టింది. తర్వాత, ఎవరో మాట్లాడుతున్నట్టు చెవులు రిక్కించింది. మంజులత మొదలుపెట్టినా ఎవరికీ పట్టలేదు.

"యాడ చూస్తాండావన్నా? నేనీడ ఉండా," అందామె.

తిరుపాల్ కుర్చీకి వీపు తిప్పి, చేతులు కట్టుకుని, ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఒక్కొక్క తలా ఇటు తిరిగింది. అతని వెనక కుర్చీ కిర్రుమంది. అచ్చం గోవిందప్ప దగ్గులాంటి దగ్గు వినబడింది. తను తిరిగితే సభ కూడా తిరుగుతుంది. ఆమె మాట ముగిసేదాకా తిరుపాల్ మెడ కదపలేదు.