ఆకురాయి పెట్టని గాజులు

మా గది తలుపు బయటి నుంచి తాళం వేస్తారు. పాత బంగారం కరిగించే గది కదా, లోపలికి వెళ్లిన తూకం, బయటికి వచ్చే తూకం సరిపోయేదాకా మాకు నీళ్లకైనా విడుదల లేదు. మంట చెదురుతుందని ఫ్యాను కూడా లేదు. తూకం వేసేది నేను. కరిగించి, మచ్చు చూసేది ఆయన. అందరూ మూసాయన అంటారు. ముప్ఫై ఏళ్లుగా బంగారం కరిగించే మట్టిమూస ముందే కూర్చున్నాడు.

అంత అనుమానపు మనిషిని నేను చూడలేదు. ఎవరు ఏ నగ తెచ్చినా ముందు ఓ మూల ఆకురాయితో లోతుగా అరగదీసి, ఆ గాటునే గీటురాయి మీద రుద్దేవాడు. పక్కన రకం ముందే తెలిసిన మచ్చుకడ్డీతో గీత గీసి, రెంటి మీదా ఆసిడ్ చుక్క వేసేవాడు. తక్కువరకం గీత కరిగిపోతుంది. పైపైన చూస్తే మోసపోతామని నాకు రోజూ పాఠం చెప్పేవాడు. పాత కంసాలులు ఉప్పు, పటిక, సురేకారం వేసి నగని మరిగించేవారట. అది పైపొరలోని రాగిని తినేస్తే పసిడి ఒక్కటే మిగులుతుంది. మెరుగు పెట్టడమంటే అదే. ఆ పొర మీద కారట్లు చూసే మిషన్ కూడా ఇరవై రెండనే చూపిస్తుంది.

ఇన్ని తెలిసిన మనిషి తన అక్క గాజుల దగ్గర ఆకురాయి తీయలేదు.

ఆవిడ భర్త పోయాక మరిది ఇంట్లో ఉంటోంది. వంటింటి పక్క నడవాలో పడక. అడుగు తీసి అడుగు వేస్తే తోటికోడలి మాట. కుట్టుపని వచ్చు, బజారు వెనక ఓ గది కొనడానికి బేరమాడుకుంది. నాలుగు గాజులు ఇరవై రెండు కారట్ల ధర పలికితే గది చేతికొస్తుంది, లేకపోతే లేదు. గాజులు వాళ్ల నాన్న చేతిపని. వాళ్లమ్మ గొలుసు కరిగించి ఆ ఒక్క ముద్దతోనే కూతురికి గాజులు, కొడుక్కి ఉంగరం చేశాడట.

ఆయన గాజుని పైపైనే గీటురాయికి తాకించాడు. ఆసిడ్ వేసినా గీత చెక్కుచెదరలేదు.

"నాన్న పనిని ఆకురాయితో గీయడమేంటి అక్కా. ఇరవై రెండుకి తగ్గదు, సంతకం పెట్టు" అన్నాడు.

కరిగించకుండా మా కొట్లో ధర కట్టరు. కరిగాక నచ్చకపోతే ముద్ద ఇస్తారు గానీ గాజులు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆవిడ ఆ మాట నమ్మి సంతకం పెట్టింది. మా గది అద్దానికి అవతల బల్ల మీద కూర్చుని చూస్తూ ఉంది.

ఎనభై గ్రాములు మూసలో పడ్డాయి. మురికి విడిపోయేలా వెలిగారం చల్లాడు, మంట పెట్టాడు, కడ్డీతో కలిపి పోశాడు. మట్టీ మసీ పోయి డెబ్భైతొమ్మిది తూగింది. మిషన్ మీద పెడితే డెబ్భైఐదు శాతం. అంటే పద్దెనిమిది కారట్లు. తిప్పి పెట్టాడు. అదే. ముక్క తీసి పైభాగం ఒకసారి, అడుగుభాగం ఒకసారి చూశాడు. ఎన్నిసార్లు చూస్తే మాత్రం ఏముంది? చేతికి రావలసిన దాంట్లో ఐదో వంతు ఎగిరిపోయింది.

శాతం రాసిచ్చే చీటీ మీద ఆయన సంతకంతో పాటు నాదీ ఉండాలి. ఒక్క అంకె మార్చమని అడుగుతాడేమోనని భయపడ్డాను. అడిగితే ఏం చేసేదాన్నో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన అడగలేదు. డెబ్భైఐదని రాసి కిటికీలోంచి ఇచ్చాడు.

ఆవిడ చీటీని చాలాసేపు చూసింది. "నాన్న అలా చెయ్యడు. లోపలున్నది నువ్వేగా" అంది, నెమ్మదిగానే.

కళ్లెదుటే పోశాడు కదమ్మా అని నేను అనబోయాను. ఆయన నా చెయ్యి నొక్కాడు. తండ్రిని దొంగ చెయ్యాలి, లేదా తను దొంగ కావాలి. ఆయన ముద్దని కిటికీలోంచి అక్క ముందుకి జరిపాడు. ఆవిడ ముద్దని రుమాల్లో మూటగట్టుకుని మరిది ఇంటికే వెళ్లిపోయింది. నాకు ఆ పోయిన తండ్రి మీద ఒళ్లు మండిపోయింది.

ఇంకా తాళం తీయలేదు. ఆయన ఆకురాయి తీసి, నాన్న చేసిచ్చిన తన వేలి ఉంగరాన్నే లోతుగా గీశాడు. అది ఏళ్ల తరబడి వేలికి బిగుసుకుపోయింది. లోపలికి వెళ్లేవాళ్ల ఒంటి మీది బంగారం రాసుకునే కొట్టు పుస్తకంలో కూడా "రాదు" అని రాసి ఉంది. వేలు అలాగే వంచి గీటురాయి మీద రుద్ది, ఆసిడ్ చుక్క వేశాడు.

గీత కదల్లేదు. లోపలిదాకా ఇరవై రెండు.

అంటే ఆ తండ్రి రాగి కలిపింది కూతురి గాజుల్లోనే. నేను కత్తెర అందుకుని, కోసి ఆవిడకి ఇచ్చేద్దాం, ఎంతో కొంత కలుస్తుందన్నాను. ఆయన చెయ్యి చాపాడు. మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఇస్తే ఎందుకిస్తున్నానో చెప్పాలిగా అమ్మా" అన్నాడు. "నేను దొంగనని అనుకుంటేనే, నాన్న ఇద్దర్నీ ఒకేలా చూశాడన్న నమ్మకం అక్కకి మిగులుతుంది."

బయట తాళం తీసిన చప్పుడైంది. తూకం సరిపోయింది, వెళ్లొచ్చన్నారు. ఆయన లేవలేదు.