గడువు దాటిన కామెంట్

వినీల పుట్టింది ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్స్‌లో. తండ్రి తవిటయ్య వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ. మూడింటిలోనూ చకచకా రాయగలదు కాబట్టి, ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా చిన్నప్పటినుంచీ ఆమె దగ్గరికే వచ్చేవారు. అలా రాసీ రాసీ ఆమెకొక పట్టుదల అబ్బింది. రాసిన మాటకి రాసినవాళ్లే పూచీ అన్నది ఆ పట్టుదల. ముప్పైనాలుగేళ్లు వచ్చినా అది సడలలేదు.

మలంచా రోడ్డు మీద చక్రధర్ గారి చీరల దుకాణంలో ఆమె ఆరేళ్లుగా పనిచేస్తోంది. చక్రధర్ వాళ్లది కాకినాడ వైపు కుటుంబం. పగలంతా కౌంటర్ దగ్గర చీరలు విప్పి చూపించడం, మధ్యలో వీలు చూసుకుని దుకాణం ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడపడం వినీల పని.

కిందటేడు ఆ పేజీలో ఉచితంగా చీర ఇస్తామని ఒక పోటీ పెట్టారు. ‘లైక్ కొట్టండి, చీర గెలవండి’ అన్న ఒక్క ముక్క తప్ప నియమాలేవీ రాయలేదు. చీర చక్రధర్ బావమరిది కూతురికి వెళ్లింది. కామెంట్లలో జనం దులిపేశారు. ‘ఇంట్లో చీర ఇంట్లోనే ఉంది’ అని బెంగాలీలో ఒకావిడ రాసింది. దానికి జవాబు రాయలేక వినీల రెండు రోజులు ఫోన్ తెరవలేదు.

అందుకే ఈ ఏడు దుకాణానికి ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా మళ్లీ పోటీ అనగానే, క్యాప్షన్ తనే రాస్తానని, రాసింది రాసినట్టే జరగాలని ముందే చెప్పింది. చక్రధర్ సరేనన్నాడు. ఆమె ఇలా రాసింది.

‘ఒక ఉప్పాడ చీర, ఒకరికి. ఏదీ కొనక్కర్లేదు. మా పేజీని ఫాలో అయి, మీ ఇంట్లోని అన్నిటికన్నా పాత చీర గురించి ఒక్క వాక్యం ఈ పోస్టు కింద రాయండి. మనిషికి ఒక్క ఎంట్రీ. ఎన్నిసార్లు రాసినా ఒకటే లెక్క. పద్దెనిమిదేళ్లు నిండి, ఖరగ్‌పూర్‌లో ఉంటున్నవారికే. దుకాణం యజమాని, ఇక్కడ పనిచేసేవాళ్లు, వాళ్ల బంధువులు అర్హులు కారు. గడువు ఆదివారం సాయంత్రం ఆరు. ఆరున్నరకి పేర్లన్నీ నంబర్లతో ఇక్కడే పెడతాం. సోమవారం సాయంత్రం ఐదింటికి దుకాణంలో, లైవ్‌లో, పోటీలో లేని మనిషి చేత చీటీ తీయిస్తాం. గెలిచినవాళ్లు రెండు రోజుల్లో పలకకపోతే మళ్లీ తీస్తాం. ఈ పోటీకీ ఇన్‌స్టాగ్రామ్ కంపెనీకీ సంబంధం లేదు.’

దాన్నే బెంగాలీలోనూ రాసి కింద జతచేసింది. బంధువుల మాట తీసెయ్యమని చక్రధర్ నసిగాడు. ఆమె తీయలేదు.

ఆదివారం సరిగ్గా ఆరింటికి వినీల కామెంట్లన్నీ పైనుంచి కిందికి జరుపుతూ ఫోన్ తెర రికార్డు చేసింది. రెండుసార్లు రాసినవాళ్లని ఏరేస్తే రెండువందల ఎనభై ఏడు పేర్లు తేలాయి. ఆరున్నరకి జాబితా పెట్టేసింది. ఆ మధ్యలో, ఆరూ ఇరవైకి, ఇంకో కామెంట్ వచ్చి పడింది. రాసింది హేమశ్రీ. మూడు పెళ్లిళ్ల బట్టలు ఈ దుకాణంలోనే కొన్న కాంట్రాక్టర్ గారి భార్య సుజాతమ్మకి కోడలు.

మర్నాడు పొద్దున్న దుకాణం తెరిచేసరికే చక్రధర్‌కి సుజాతమ్మ ఫోన్ వచ్చి ఉంది. కోడలి పేరు చేర్చమని, చేర్చడమే కాదు, చీర కూడా ఆ పిల్లకే వచ్చేలా చూడమని ఆవిడ అడిగింది. గడువు ఆరు కాదు, ఎనిమిది అని క్యాప్షన్‌లో మార్చెయ్యమన్నాడు చక్రధర్.

“మారిస్తే పక్కనే మార్చినట్టు పడతాదండి. జాబితా నిన్ననే అందరూ సూసినారు,” అంది వినీల.

“పేజీ నాది, చీర నాది. నువ్వెవరు కాదనడానికి?”

“చీర మీదే. మాట మటుకు రెండొందల ఎనభై ఏడు మందికి ఇచ్చేసినాం. పాస్‌వర్డ్ మీకూ తెలుసు. మార్చాలంటే మీ సేత్తో మార్చుకోండి. నాను మార్చను.”

“రేపటినుంచి పనిలోకి రావక్కర్లేదంటే?”

“రాను. ఇయాల ఐదింటికి చీటీ తీసే ఎల్తాను.”

చక్రధర్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు తెర వంక చూశాడు. కిందటేటి తిట్లు గుర్తొచ్చాయో ఏమో, ఫోన్ గల్లాపెట్టె మీద బోర్లా పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఐదయ్యేసరికి దుకాణంలో పాతికమంది దాకా చేరారు. లైవ్‌లో ఇంకో నూటయాభై మంది. నంబర్లు రాసిన చీటీలన్నీ కెమెరాకి చూపించి స్టీలు బిందెలో పోసింది వినీల. చేతిరుమాళ్లు కొనడానికి వచ్చిన రిటైర్డ్ రైల్వే గార్డు రిచర్డ్‌ని పోటీలో ఉన్నారా అని అడిగింది. తనకి ఇన్‌స్టాగ్రామే లేదని ఆయన నవ్వి, చొక్కా చెయ్యి పైకి మడిచి చీటీ తీశాడు. నూటపద్నాలుగు.

జాబితాలో ఆ నంబరుకి ఎదురుగా ఉన్నది మనిషి పేరు కాదు, ఏదో పువ్వు పేరు. ఎవరో చూద్దామని వినీల ఆ ఖాతా తెరిచింది. లోపలి ఫొటోలో నవ్వుతున్నది గౌరి. పిన్ని పోలమ్మ కూతురు. తన చేతుల్లో పెరిగిన పిల్ల.

అక్కడున్నవాళ్లెవరికీ ఆ సంగతి తెలియదు. చక్రధర్‌కీ తెలియదు. ఎవరూ అనుమానించరు. గౌరికి పై నెలలో నిశ్చితార్థం. ఉప్పాడ చీర కట్టుకోవాలని ఆ పిల్ల ఎన్నాళ్లనుంచో మనసు పడుతోంది. హేమశ్రీకి ఇరవై నిమిషాలు ఇవ్వనిది, గౌరికి ఒక అబద్ధం ఎలా ఇస్తుంది?

“ఈ అమ్మాయి నా పిన్ని కూతురు. పనిచేసేవాళ్ల బంధువులకి చీర లేదని రాసింది నేనే. ఈ నంబరు చెల్లదు. మళ్లీ తీస్తాం,” అని తెలుగులో చెప్పి, బెంగాలీలోనూ చెప్పింది.

రిచర్డ్ మళ్లీ బిందెలో చెయ్యి పెట్టాడు. నలభై ఒకటి. ఊళ్లోనే ఝాపేటాపూర్‌లో బడిపిల్లలకి వంటచేసే కళ్యాణి. ‘మా అత్త పెళ్లిచీర ఇప్పుడు మా పాప ఉయ్యాల’ అని రాసింది ఆమె.

వినీల ఇంటికి చేరేసరికి పోలమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

“ఊరందరి ముందూ నా కూతుర్ని దొంగని సేసేసినావు కదే. నువ్వు నోరిప్పకపోతే ఎవులికి తెలుస్తాది?”

“నాకు తెలుస్తాది పిన్నీ. గౌరి దొంగ కాదు. ఆ రూలు సదవలేదంతే. తప్పు నా మీద ఎయ్యి, పడతాను. చీర మటుకు ఇయ్యను.”

పోలమ్మ ఆ ఇంట మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయింది. గౌరి నిశ్చితార్థానికి పిలుపు తవిటయ్యకి వచ్చింది గాని వినీలకి రాలేదు. ఆ రోజు ఆమె గదిలో తలుపేసుకుని ఏడ్చిన మాట నిజం. చేసినదానికి మాత్రం ఒక్కసారీ నొచ్చుకోలేదు.

చీటీ తీసిన మర్నాడు వినీల మామూలుగానే పనిలోకి వెళ్లింది. రావద్దని చక్రధర్ అనలేదు, రమ్మనీ అనలేదు. చీర తీసుకోవడానికి కళ్యాణి పాపని చంకనేసుకుని వచ్చింది. సుజాతమ్మ మళ్లీ ఆ మెట్లెక్కలేదు. ఆ లైవ్ చూసిన బెంగాలీ ఆడవాళ్లు కొందరు, కిందటేడు తిట్టినావిడతో సహా, దుకాణం వెతుక్కుంటూ వచ్చారు.

దసరా ముందు చక్రధర్ ఆమెని పిలిచి ఇంకో పోటీ పెడదామన్నాడు. ఈసారి నియమాలు కాస్త చూసీ చూడనట్టు రాయమన్నాడు. వినీల అక్కడే నిలబడి, పాత క్యాప్షన్‌లో ఒక్క అక్షరం తియ్యకుండా రాసి, చివర ఇంకో వాక్యం చేర్చింది. ‘ఎవరి సిఫారసూ చెల్లదు.’

“ఇలాగే పెడతాను. ఇష్టం లేకపోతే పోటీ వొద్దు,” అని ఫోన్ ఆయన ముందు పెట్టింది.

చక్రధర్ రెండుసార్లు చదివి, పెట్టమన్నట్టు చెయ్యూపాడు.